ప్రమోషన్ మెయిల్ ఎలా రాయాలి: అభినందనతో పాటు ఎవరి పని ఏమిటో కూడా తేలేలా

మన ఆఫీసుల్లో ప్రమోషన్ మెయిల్ చాలా వరకు ఒకే అచ్చులో వస్తుంది. ఫలానా వారికి ఫలానా హోదా ఇస్తున్నామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం, వారి కృషి, అంకితభావం అభినందనీయం, అందరూ సహకరించగలరు. వెంటనే కంగ్రాట్స్ అంటూ వరసగా జవాబులు. మధ్యాహ్నానికి గోడౌన్ నుంచి ఎవరో ఫోన్ చేసి, "సార్, ఈ లాట్ ఆపాలంటే ఇప్పుడు ఎవర్ని అడగాలి?" అంటారు. ఆ ప్రశ్న వచ్చిందంటే మెయిల్ సగం పనే చేసిందని అర్థం.

ఒక ఉదాహరణ పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. గుంటూరులో ఎండుమిర్చి, కారం ఎగుమతి చేసే ఒక మధ్యరకం కంపెనీ అనుకోండి. కంపెనీ, పేర్లు అన్నీ ఊహించినవే. కొనుగోలు టీమ్ మిర్చి యార్డులో ఉంటుంది, సరుకు ఊరి బయట కోల్డ్ స్టోరేజీలో ఉంటుంది, అకౌంట్స్ విజయవాడలో. సుజాత అనే క్వాలిటీ ఎగ్జిక్యూటివ్‌కు క్వాలిటీ మేనేజర్‌గా ప్రమోషన్ వచ్చింది. ఇన్నాళ్లూ ఆమె పర్చేజ్ మేనేజర్ ప్రసాద్ గారి కింద పనిచేసింది. ఇకపై నేరుగా డైరెక్టర్‌కు రిపోర్ట్ చేస్తుంది. పక్క టేబుల్ దగ్గర కూర్చునే రమేష్, నాగూర్ ఇకపై ఆమెకు రిపోర్ట్ చేస్తారు.

చూడటానికి చిన్న మార్పే. కానీ ఇందులో ఒకరి చేతి కిందనుంచి టీమ్ పోతోంది, ఇద్దరికి నిన్నటి తోటి ఉద్యోగి నేడు బాస్ అవుతోంది. మెయిల్ రాసేవాళ్లు ఈ ముగ్గురినీ కళ్ల ముందు పెట్టుకుని రాయాలి.

రాయడం మొదలుపెట్టే ముందు

కంప్యూటర్ తెరవకముందే ఒక కాగితం మీద కొన్ని జవాబులు రాసుకోండి. హోదా అక్షరాలా ఏమిటి? ఏ తేదీ నుంచి? ఆమె ఎవరికి చెప్పాలి, ఆమెకు ఎవరు చెప్పాలి? కొత్తగా ఏ నిర్ణయం ఆమె చేతిలోకి వస్తోంది, ఏది రావడం లేదు? పాత పని ఎవరు చేస్తారు? వీటిలో ఒక్కదానికి "చూద్దాం" అనే జవాబు వచ్చినా మెయిల్ ఆపండి. డైరెక్టర్ దగ్గర తేలని విషయాన్ని మెయిల్‌లో గుండ్రంగా రాసి దాటేస్తే అది యార్డులో గొడవగా బయటపడుతుంది.

తేదీ దగ్గర మన వైపు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంటుంది. యజమాని మంచిరోజు చూసి గురువారం లెటర్ ఇస్తానంటారు. జీతం లెక్క మాత్రం ఒకటో తారీఖు నుంచే మారాలని అకౌంట్స్ వాళ్లు అంటారు. రెండూ చేసుకోవచ్చు, తప్పేమీ లేదు. మెయిల్‌లో మాత్రం ఒకే తేదీ ఉండాలి: బాధ్యతలు అమల్లోకి వచ్చే తేదీ. ఆ తేదీ, హోదా పేరు హెచ్ఆర్ లెటర్‌లో ఎలా ఉన్నాయో మెయిల్‌లోనూ అలాగే ఉండాలి. లెటర్‌లో "మేనేజర్ - క్వాలిటీ", మెయిల్‌లో "క్వాలిటీ హెడ్" అని ఉంటే, రేపు వేరే ఎవరికో హెడ్ హోదా ఇచ్చినప్పుడు ఆ మాటే పట్టుకుంటారు.

నెల ఎంచుకునే అవకాశం మీకుంటే, మిర్చి వ్యాపారంలో ఫిబ్రవరి, మార్చిల్లో రిపోర్టింగ్ మార్చకండి. యార్డుకు సరుకు పోటెత్తే రోజులవి. ఎవరికి ఎవరు చెప్పాలో నేర్చుకునే తీరిక ఎవరికీ ఉండదు. వేసవిలో యార్డుకు సెలవులిచ్చే సమయం దీనికి సరైనది.

మెయిల్ కంటే ముందు మాట

మెయిల్ చూసి మాత్రమే విషయం తెలుసుకోకూడని వాళ్లు కొందరుంటారు. వాళ్లకు ముందే, ముఖాముఖి చెప్పాలి. దీనికి ఒక వరస ఉంది.

మొదట సుజాతకు. హోదా ఒక్కటే కాదు, మెయిల్‌లో ఏం రాయబోతున్నారో కూడా చెప్పండి. పొగడ్తలో వాడే సంఘటన ఆమెకు ఇబ్బంది కలిగించేది కావచ్చు, ఇంటి పేరు ఎలా రాయాలన్న పట్టింపు ఉండొచ్చు. తర్వాత ప్రసాద్ గారికి. ఆయనకు చెప్పాల్సింది డైరెక్టరే, హెచ్ఆర్ కాదు. టీమ్ ఎందుకు విడిపోతోందో కారణం చెప్పి, మెయిల్‌లో ఆయన గురించి ఉన్న వాక్యాన్ని చూపించాలి. ఆ వాక్యంలో ఒక మాట మార్చమంటే మార్చండి, పోయేదేమీ లేదు. ఆ తర్వాత రమేష్, నాగూర్. ఈ పోస్టు తనకే వస్తుందని ఆశపడినవాళ్లు ఉంటే వాళ్లతో విడిగా. ఆశపడిన మనిషి అందరితో పాటు మెయిల్‌లో చదివి తెలుసుకుంటే, ఆ మెయిల్‌ను ఎంత అందంగా రాసినా అతనికి అవమానంగానే ఉంటుంది.

ఈ మాటలన్నీ ఒకే రోజు పూర్తిచేసి, అదే రోజు సాయంత్రం లేదా మర్నాడు ఉదయం మెయిల్ పంపండి. రెండు రోజులు గ్యాప్ ఇస్తే యార్డు క్యాంటీన్‌లో టీ తాగేలోపే ఊరంతా పాకుతుంది, అదీ తప్పుల తడకగా.

సబ్జెక్ట్, మొదటి పేరా

సబ్జెక్ట్‌లో "ఒక శుభవార్త" అని ఊరించకండి. పేరు, హోదా, తేదీ ఉంటే చాలు. మూడు నెలల తర్వాత ఎవరైనా మెయిల్ వెతికేది ఆ మాటలతోనే.

మొదటి పేరాలో విషయం నేరుగా చెప్పేయండి. ఎవరు, ఏ హోదా, ఎప్పటినుంచి, ఎవరికి రిపోర్ట్ చేస్తారు. కంపెనీ ఎదుగుదల గురించి రెండు పేరాలు రాసి, ఆ తర్వాత పేరు చెప్పే మెయిల్స్ కొన్ని ఉంటాయి. ఫోన్‌లో చదివేవాళ్లు అక్కడిదాకా రారు.

పొగడ్త: ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి

"కృషి, పట్టుదల, అంకితభావం" అన్న మూడు మాటలు సుజాత పేరు తీసేసి ఎవరి పేరు పెట్టినా సరిపోతాయి. అందుకే వాటికి విలువ ఉండదు. ఆమె చేసిన పనిని ఒకటి లేదా రెండు ఎంచుకుని, నలుగురూ చూసినదాన్ని చూసినట్టు రాయండి.

ఏ పని ఎంచుకోవాలి? చాలామంది అన్నిటికంటే పెద్ద విజయాన్ని ఎంచుకుంటారు. నా లెక్క వేరు. కొత్తగా ఇస్తున్న అధికారానికి కారణం చూపించే పనిని ఎంచుకోవాలి. సుజాతకు ఇప్పుడు లాట్ ఆపే అధికారం వస్తోంది. కాబట్టి పొగడ్త కూడా అక్కడి నుంచే రావాలి.

ఉదాహరణకు, ఇంతకుముందు శాంపిల్ అంటే బస్తాలు పేర్చిన నిట్టలో పైన చేతికి అందిన బస్తాల నుంచి తీసేవాళ్లు. బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం లాట్ అంతా సమానంగా ఉండదు. తేమ తగిలిన కొన్ని బస్తాల్లో ఎక్కువగా ఉండి, మిగతావి శుభ్రంగా ఉండొచ్చు. యూరప్ నిబంధనల ప్రకారం ఎండుమిర్చిలో అఫ్లటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు దాటకూడదు. పైబస్తాల శాంపిల్ ఇక్కడ పాసై, సరుకు అక్కడి పోర్టులో ఫెయిలయ్యే ప్రమాదం అందుకే ఉంటుంది. నిట్ట అడుగు నుంచి, మధ్య నుంచి, పక్కల నుంచి కూడా శాంపిల్ తీయాలని సుజాత పట్టుబట్టింది. హమాలీలకు అదనపు పని అవుతుందని మొదట్లో అందరూ గొణిగారు. ఇప్పుడు అదే పద్ధతి అయింది. ఇది రాస్తే, ఆమెకు ఆపే అధికారం ఎందుకిచ్చారో ఎవరికీ విడిగా చెప్పనక్కర్లేదు.

పొగడ్తలో జారిపడే చోట్లు మూడు. మొదటిది, "ఒంటిచేత్తో సాధించారు" అనడం. శాంపిళ్లు మోసింది రమేష్, నాగూర్. రేపటి నుంచి ఆమె టీమ్ వాళ్లే. మొదటి మెయిల్‌లోనే వాళ్ల పని మాయమైతే ఆమెకే కష్టం. రెండోది, పోలిక. "గతంలో అస్తవ్యస్తంగా ఉన్న విభాగాన్ని గాడిలో పెట్టారు" అంటే గతంలో విభాగం నడిపిన ప్రసాద్ గారిని అందరి ముందూ తిట్టినట్టే. మూడోది, ఇంటి విషయాలు. "ఇద్దరు పిల్లల్ని చూసుకుంటూనే", "ఆడపిల్ల అయినా", "మన కంపెనీ ఆడపడుచు" లాంటివి ప్రేమగానే రాస్తారు, నిజమే. కానీ మగవాళ్ల ప్రమోషన్ మెయిల్‌లో ఎవరూ పిల్లల సంగతి ఎత్తరు. జీతం ఎంత పెరిగిందన్నదీ, ఏ గ్రేడ్‌కు వెళ్లిందన్నదీ లెటర్‌లోనే ఉండాలి, మెయిల్‌లోకి రాకూడదు.

పని పరిధి: వచ్చేవీ, రానివీ

"క్వాలిటీకి సంబంధించిన అన్ని వ్యవహారాలు చూస్తారు" అన్న వాక్యం రాసేవాళ్లకు తేలిక, పనిచేసేవాళ్లకు తలనొప్పి. కొనేటప్పుడు యార్డులో తేమ చూడటం క్వాలిటీనా, పర్చేజా? కంటైనర్ లోడింగ్ దగ్గర బస్తా చిరిగితే ఎవరిది? ప్రతిదీ రాయలేరు, రాయనక్కర్లేదు. గొడవ వచ్చే హద్దును మాత్రం రాయాలి. ఆ హద్దు ఎక్కడుందో కనుక్కోవడానికి ఒక సులువైన మార్గం ఉంది. గత సీజన్‌లో "ఇది నా పని కాదు" అన్న మాట ఎక్కడ వినిపించిందో సూపర్‌వైజర్‌ను అడగండి.

ఈ కంపెనీలో ఆ హద్దు లాట్ ఆపడం దగ్గర ఉంది. అందుకే ఇలా తేల్చారనుకుందాం. ల్యాబ్ రిపోర్ట్ రాని లాట్‌ను, ఫెయిలైన లాట్‌ను ఆపే అధికారం సుజాతది. అది 48 గంటలు దాటితే డైరెక్టర్ నిర్ణయం. ధర, రైతులతోనూ కమీషన్ ఏజెంట్లతోనూ బేరం, సరుకు తిప్పి పంపడం ఎప్పటిలాగే ప్రసాద్ గారివి. ఈ చివరి వాక్యం చాలా ముఖ్యం. ఆమెకు ఏది రాలేదో చెప్పడం ఆమెను తగ్గించడం కాదు. అది లేకపోతే మొదటి వారంలోనే ఎవరో ఏజెంట్ ధర తగ్గింపు గురించి ఆమెకు ఫోన్ చేస్తాడు, అది తెలిసి ప్రసాద్ గారు నొచ్చుకుంటారు.

రిపోర్టింగ్: ప్రతి పేరూ విడిగా

"టీమ్ ఇకపై సుజాత గారికి రిపోర్ట్ చేస్తుంది" అని రాస్తే టీమ్‌లో ఎవరెవరన్న ప్రశ్న మిగులుతుంది. పేర్లు రాయండి. సెలవులు ఎవరు మంజూరు చేస్తారో రాయండి, ఎందుకంటే రిపోర్టింగ్ మారిందని ఉద్యోగికి నిజంగా అర్థమయ్యేది సెలవు అడిగినప్పుడే. ఇప్పటికే అడిగి ఉన్న సెలవుల సంగతి కూడా ఒక ముక్కలో చెప్పండి. ఒకే మనిషి ఇద్దరికి చెప్పాల్సిన పరిస్థితి ఉంటే, ఏ విషయం ఎవరికో విడదీయండి. "ఇద్దరికీ రిపోర్ట్ చేస్తారు" అని వదిలేస్తే వాళ్లు ఇద్దరికీ చెప్పరు.

టీమ్ పోతున్న మేనేజర్ గురించి రాసే వాక్యానికి కారణం జతచేయండి. ఇక్కడ కారణం గట్టిదే. సరుకు కొనే విభాగం కిందే సరుకును కాదనే విభాగం ఉంటే ఆడిట్‌కు వచ్చే విదేశీ కొనుగోలుదార్లు దాన్ని ప్రశ్నిస్తారు. అది రాస్తే ప్రసాద్ గారిని తప్పించారన్న గుసగుస రాదు. కారణం నిజమైతేనే రాయండి. ఆయనతో పొసగక మార్చి ఉంటే, ఆడిట్ పేరు చెప్పినా యార్డులో ఎవరూ నమ్మరు. అలాంటప్పుడు కారణం జోలికి పోకుండా మార్పును మాత్రం చెప్పడం మేలు.

మెయిల్ ఇలా వస్తుంది

సబ్జెక్ట్: సుజాత గారికి క్వాలిటీ మేనేజర్‌గా ప్రమోషన్ - జూన్ 1 నుంచి

అందరికీ నమస్కారం.

జూన్ 1 నుంచి సుజాత గారు క్వాలిటీ మేనేజర్‌గా బాధ్యతలు తీసుకుంటున్నారు. ఈ హోదాలో ఆమె నేరుగా నాకు రిపోర్ట్ చేస్తారు.

నిట్టలో పైబస్తాల నుంచే కాకుండా అడుగు నుంచి, మధ్య నుంచి కూడా శాంపిల్ తీసే పద్ధతిని మనకు అలవాటు చేసింది సుజాత గారే. లోడింగ్ ఆలస్యమవుతుందని మొదట్లో నేను కూడా అన్నాను. ఆమె రమేష్, నాగూర్‌లతో కలిసి కోల్డ్ స్టోరేజీలో నిలబడి, పని ఆగకుండా దాన్ని చేసి చూపించారు. సరుకు పంపడంపై ఆమె మాటకు మరింత బలం ఇవ్వాలని అప్పుడే అనిపించింది.

కొత్త బాధ్యతలు: కోల్డ్ స్టోరేజీలో, కారం యూనిట్‌లో శాంపిళ్లు, ల్యాబ్ రిపోర్టులు, ఎగుమతికి ముందు లాట్‌కు ఆమోదం. రిపోర్ట్ రాని లాట్‌ను, ఫెయిలైన లాట్‌ను ఆపే అధికారం సుజాత గారికి ఉంటుంది. 48 గంటలు దాటి ఆపాల్సి వస్తే నాతో మాట్లాడతారు. ధరలు, కొనుగోళ్లు, సరుకు తిప్పి పంపడం ఎప్పటిలాగే ప్రసాద్ గారు చూస్తారు.

రిపోర్టింగ్: రమేష్, నాగూర్ జూన్ 1 నుంచి సుజాత గారికి రిపోర్ట్ చేస్తారు. వారి సెలవులు ఆమే మంజూరు చేస్తారు. ఇప్పటికే ప్రసాద్ గారు ఒప్పుకున్న సెలవుల్లో మార్పు లేదు. కొనుగోలు, క్వాలిటీ వేర్వేరుగా ఉండాలని మన కొనుగోలుదార్లు ఆడిట్లలో అడుగుతున్నందువల్ల ఈ మార్పు చేశాం. ఇన్నేళ్లూ ఈ టీమ్‌ను తీర్చిదిద్దిన ప్రసాద్ గారికి ధన్యవాదాలు.

సుజాత గారు ఇప్పటివరకు చూసిన రోజువారీ శాంపిల్ రిజిస్టర్‌ను జూన్ 15 నుంచి నాగూర్ చూస్తారు. అప్పటిదాకా ఆమే చూస్తారు.

సుజాత గారూ, అభినందనలు.

- డైరెక్టర్

ఈ మెయిల్‌లో "నేను కూడా అన్నాను" అన్న ముక్క గమనించండి. శాంపిల్ పద్ధతికి అడ్డం చెప్పినవాళ్లలో డైరెక్టర్ తన పేరే ముందు పెట్టుకున్నారు, ఇంకెవరి పేరూ ఎత్తలేదు. అది నిజంగా జరిగి ఉంటేనే రాయాలి సుమా. చివర్లో "అందరూ సహకరించగలరు" లేకపోవడం కూడా కావాలని చేసిందే. సహకరించమని అడిగారంటే సహకరించరేమోనన్న అనుమానం ఉన్నట్టు వినిపిస్తుంది.

ఎవరు పంపాలి, ఎవరికి పంపాలి

కొత్తగా ఎవరికి రిపోర్ట్ చేస్తారో వాళ్లే పంపాలి. లాట్ ఆపే అధికారం ఇస్తున్న మాట హెచ్ఆర్ ఐడీ నుంచి వస్తే అది సర్క్యులర్‌లా ఉంటుంది, డైరెక్టర్ నుంచి వస్తే మాట ఇచ్చినట్టు ఉంటుంది. సుజాత పేరు, ప్రసాద్ గారి పేరు ఇద్దరివీ టు లైన్‌లో ఉండాలి. ప్రసాద్ గారిని సీసీలోకి నెట్టకండి. విజయవాడ అకౌంట్స్ వాళ్లను మర్చిపోవడం మామూలుగా జరిగేదే. బిల్లుల మీద ఎవరి సంతకం చెల్లుతుందో వాళ్లకు తెలియాలి.

యార్డులో, కోల్డ్ స్టోరేజీలో మెయిల్ చూడనివాళ్లు సగం మంది ఉంటారు. వాళ్లకు వాట్సాప్ గ్రూపులో నాలుగు వాక్యాలు చాలు: ఎవరు, ఎప్పటినుంచి, లాట్ ఆపాలంటే ఎవరికి ఫోన్ చేయాలి, ధర సంగతి ఎవరితో మాట్లాడాలి. మెయిల్ ఇంగ్లిష్‌లో పంపి వాట్సాప్ తెలుగులో పెడితే, హోదా పేరూ తేదీ రెండింటిలో ఒకేలా ఉన్నాయో లేదో పక్కపక్కన పెట్టి చూసుకోండి.

బయటి కొనుగోలుదార్లకు, ల్యాబ్‌లకు ఈ మెయిల్ ఫార్వర్డ్ చేయకండి. ప్రసాద్ గారి ప్రస్తావన, 48 గంటల నియమం లోపలి విషయాలు. వాళ్లకు హోదా, ఫోన్ నంబర్, మెయిల్ ఐడీ, ఏ తేదీ నుంచి ఆమెను సంప్రదించాలో చెప్పే చిన్న ఉత్తరం వేరుగా పంపండి.

పంపాక ఒక వారం

మెయిల్ పనిచేసిందో లేదో జవాబుల్లో తెలియదు, ఫోన్లలో తెలుస్తుంది. క్వాలిటీ గురించి ప్రసాద్ గారికి ఎన్ని ఫోన్లు వస్తున్నాయో వారం తర్వాత ఆయన్నే అడగండి. ఒకే రకం ప్రశ్న రెండు మూడుసార్లు వచ్చిందంటే పరిధి రాసిన వాక్యంలో లోపం ఉంది. ల్యాబ్ రిపోర్టులు ఇంకా పాత ఐడీకే వెళ్తున్నాయేమో, సెలవు దరఖాస్తు సాఫ్ట్‌వేర్‌లో మేనేజర్ పేరు మారిందో లేదో చూడండి. మెయిల్‌లో మార్చి సాఫ్ట్‌వేర్‌లో మార్చకపోతే నాగూర్ సెలవు ప్రసాద్ గారి దగ్గరే ఆగిపోతుంది.

తప్పు దొరికితే అదే మెయిల్‌కు రిప్లై ఆల్ కొట్టి, మారిన వాక్యం ఒక్కటే రాయండి. "యార్డులో కొనేటప్పుడు తేమ చూడటం పర్చేజ్ టీమ్ పనే. కోల్డ్ స్టోరేజీకి చేరాక క్వాలిటీ టీమ్ చూస్తుంది" అంటే సరిపోతుంది. ఆ సవరణ కూడా డైరెక్టర్ పేరు మీదే వెళ్లాలి. తన అధికారం ఎంతో సుజాత తనే మెయిల్ పెట్టి చెప్పుకునే పరిస్థితి రానివ్వకండి.